మొదటి ఎస్ప్రెస్సో మెషిన్‌కి 25 వేలా, 65 వేలా? మా ఇద్దరి మధ్య తేలడం లేదు

శ్రీజ_నిజాంపేట · శనివారం రాత్రి 10:50

అందరికీ నమస్కారం. దీన్ని చిన్న కథలా రాస్తున్నాను. ఎవరు ఏమన్నారో చెప్పకపోతే నా ప్రశ్న సగమే అర్థమవుతుంది.

మా పెళ్లయి ఏడాదిన్నర. నిజాంపేటలో రెండు గదుల ఫ్లాట్. పోయిన నెల చిట్టీ పాడుకుంటే 80 వేలు చేతికొచ్చాయి. కొంత ఫ్రిడ్జ్‌కి, కొంత ఎస్ప్రెస్సో మెషిన్‌కి అనుకున్నాం. దేనికెంత అన్నది మాత్రం మాట్లాడుకోలేదు.

నిన్న రాత్రి అన్నాలయ్యాక కార్తీక్ పాల లెక్క రాసే పుస్తకం తెచ్చి, వెనక పేజీలో "మెషిన్: 65,000" అని రాశాడు. గ్రైండర్ కూడా లోపలే ఉండే మోడల్. పైన గింజలు పోస్తే చాలు, పొడి అదే పట్టి ఇస్తుందట. నేను పెన్ను తీసుకుని ఆ అంకె కింద 25,000 అని రాశాను.

"ఆ ధరకి వచ్చేది బొమ్మ మెషిన్, శ్రీ."

"బొమ్మ కాదు, చిన్నది. తాగేది మనిద్దరమే కదా."

"శని ఆదివారాలు బయట తాగుతున్నదానికి ఎంతవుతోందో ఎప్పుడైనా లెక్కేశావా?" అని తనే వేయడం మొదలుపెట్టాడు. మనిషికో కప్పు, కప్పు 280, రెండు రోజులు. వారానికి 1,120, నెలకు దాదాపు 4,850. "65 వేలు పద్నాలుగు నెలల్లో తిరిగొచ్చేస్తాయి. ఆ తర్వాత తాగేదంతా లాభమే."

"గింజలు ఎవరిస్తారు? పాలు?"

కాసేపు ఆలోచించి, "పాలు ఎలాగూ ఇంట్లో ఉంటాయిగా" అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చి లైటు ఆర్పేశాం. పొద్దున లేచి చూస్తే రెండు అంకెల మధ్య "45?" అని తన రాత. దాని పక్కన నేను "ఫ్రిడ్జ్?" అని రాసి ఆఫీసుకి వెళ్లిపోయాను. సాయంత్రం ఆ పేజీ తెరిచే ఉంది కానీ ఇద్దరం దాని మాటెత్తలేదు.

25 వేలలో మంచి ఎస్ప్రెస్సో వస్తుందా? 65 పెడితే ఆ తేడా నోటికి తెలుస్తుందా? నిజంగా వాడుతున్నవాళ్లు చెప్పండి.

రవితేజ_కేపీహెచ్‌బీ · శనివారం రాత్రి 11:12

అక్కా, ఎస్ప్రెస్సో అంటేనే ప్రెషర్. డబ్బా మీద ఎన్ని బార్లు రాశారో అది చూడండి. 15 బార్లు అయితే పాత రకం, ఇప్పుడు 20 బార్లవి 20 వేల లోపే దొరుకుతున్నాయి. 20 బార్లది తీసుకుంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ధర పెరిగేది స్టీలు బాడీ వల్లే.

పద్మావతి_మల్కాజిగిరి · ఆదివారం ఉదయం 6:20

అమ్మాయ్, మీ పోస్టు చదివి బాధేసింది. కాఫీ కోసం ఇంత ఖర్చెందుకు? మా ఇంట్లో ఇత్తడి ఫిల్టర్ ముప్పై ఏళ్లుగా ఉంది. రాత్రి పొడి వేసి మరిగే నీళ్లు పోస్తే తెల్లారేసరికి డికాషన్ చిక్కగా దిగి ఉంటుంది. పొడిలో ఇరవై శాతం చికోరీ ఉంటేనే ఆ రంగు. మీ మెషిన్‌లో కూడా ఇదే పొడి వేసుకోవచ్చా? వేసుకోవచ్చంటే చిన్నది చాలదూ?

సత్యం_సైనిక్‌పురి · ఆదివారం ఉదయం 9:05

పదకొండేళ్లుగా కేఫ్‌ల మెషిన్లు రిపేరు చేస్తున్నాను. శ్రీజ గారూ, మీ పుస్తకంలో రాసిన రెండు అంకెల కంటే, రాయని అంకె ఒకటుంది. అది గ్రైండర్. ముందు దాని ధర రాసి, మిగిలినదాంట్లో మెషిన్ ఎంచుకోండి.

ఎందుకంటే ఎస్ప్రెస్సోలో నీటిని ఆపేది పొడే. పంపు నీటిని తోస్తుంది, పొడి అడ్డుపడుతుంది, ఆ అడ్డు నుంచే ప్రెషర్ పుడుతుంది. పొడి గరుకుగా ఉంటే ఎంత పెద్ద పంపు పెట్టినా నీళ్లు కారిపోతాయి. రవితేజ గారు ప్రెషర్ ముఖ్యమన్నది నిజమే. కానీ డబ్బా మీద ఉండే 15, 20 అనేవి పంపు గరిష్ఠంగా ఎంత తోయగలదో చెప్పే అంకెలు. కప్పులోకి కాఫీ దిగుతున్నప్పుడు కావాల్సింది 9 బార్ల దగ్గర. అది దాటి బాగా పెరిగితే నీళ్లు పొడిలో ఒకచోట సందు చేసుకుని అక్కడినుంచే పరుగెడతాయి, మిగిలిన పొడి సగం పచ్చిగా ఉండిపోతుంది. మంచి మెషిన్లలో ఎక్కువైన ప్రెషర్‌ని వెనక్కి వదిలే వాల్వు ఉంటుంది. ఆ వాల్వుకి కొంత డబ్బు పెట్టొచ్చు, 20 అనే అంకెకి మాత్రం పెట్టకండి.

పద్మావతి గారూ, ఫిల్టర్ పొడి దీనికి పనికిరాదమ్మా. దాని గరుకు మీ ఇత్తడి ఫిల్టర్‌కి సరిగ్గా సరిపోయేది. ఇందులో వేస్తే నీళ్లు పది సెకన్లలో దిగిపోయి చికోరీ రుచే మిగులుతుంది. మీ ఫిల్టర్ కాఫీ వేరే పానీయం, దాని గొప్పతనం దానిది.

శ్రీజ గారూ, ఒక ప్రశ్న. మీలో ఎవరు పాలతో తాగుతారు, ఎవరు పాలు లేకుండా?

శ్రీజ_నిజాంపేట · ఆదివారం ఉదయం 9:40

నేను పాలు, చక్కెర లేకుండా. కార్తీక్ కాపుచినో, ఒక చెంచా చక్కెరతో.

సత్యం_సైనిక్‌పురి · ఆదివారం ఉదయం 9:58

అయితే మీ ఇంట్లో వాదన తలకిందులుగా జరుగుతోంది. ఖరీదైన మెషిన్‌లో నీటి వేడి హెచ్చుతగ్గులు లేకుండా ఒకే స్థాయిలో నిలుస్తుంది. ఆ తేడా మొదట తెలిసేది పాలు లేకుండా తాగేవాళ్లకి, అంటే మీకు. 150 మిల్లీలీటర్ల పాలు, చెంచా చక్కెర పడ్డాక రెండు మూడు డిగ్రీల తేడా నాలుకకి పెద్దగా అందదు. పాలు తాగేవారికి కావాల్సింది బలమైన ఆవిరి. చిన్న మెషిన్ ఆ పాలని నురగ తీసి 60 డిగ్రీలకి తేవడానికి నిమిషం పైనే తీసుకుంటుంది. ఓపిక ఉంటే అదీ సరిపోతుంది.

కార్తీక్_ఎన్ · ఆదివారం ఉదయం 11:30

నేనే ఆ కార్తీక్‌ని. శ్రీజ పోస్టు పెట్టిందని రాత్రే చెప్పింది. సత్యం గారూ, మీరు చెప్పింది చదివాక ఒక పని చేశాను. మియాపూర్‌లో మా టీమ్‌మేట్ దగ్గర 22 వేల రకం చిన్న మెషిన్ ఉంది. వాళ్లు ఊరెళ్తున్నారని వారం పాటు మాకిచ్చారు. సూపర్‌మార్కెట్‌లో "ఎస్ప్రెస్సో పొడి" అని ప్యాకెట్ దొరికితే తెచ్చి 18 గ్రాములు వేసి నొక్కాను. తొమ్మిది సెకన్లలో కప్పు నిండింది. తూకం వేస్తే 60 గ్రాములు. పల్చగా, చింతపండు నీళ్లలా పులుపు. అందుకే అన్నాను, ఈ ధరకి ఇంతే వస్తుందని. శ్రీజ ఒప్పుకోవడం లేదు.

శ్రీజ_నిజాంపేట · ఆదివారం ఉదయం 11:41

ఒప్పుకోను. పాత పొడి వేసి మెషిన్‌ని తప్పుపడితే ఎలా? ఆ ప్యాకెట్ మీద తయారీ తేదీ ఐదు నెలల కిందటిది.

సత్యం_సైనిక్‌పురి · ఆదివారం మధ్యాహ్నం 1:15

ఈ విషయంలో శ్రీజ గారిదే సరి. కార్తీక్ గారూ, ఆ మెషిన్‌తోపాటు పొడి వేసే బాస్కెట్లు రెండు వచ్చి ఉండాలి. వెలుతురుకి పట్టి చూడండి. ఒకదాని అడుగంతా సన్నని రంధ్రాలు కనిపిస్తాయి, అది ఒక గోడది. రెండోదాని బయటివైపు ఒకే ఒక్క చుక్కంత రంధ్రం ఉంటుంది, అది రెండు గోడలది. మీరు వేసింది మొదటిదాంట్లో అనుకుంటాను. అదే పొడిని రెండోదాంట్లో వేసి చూడండి.

కార్తీక్_ఎన్ · ఆదివారం సాయంత్రం 5:20

వేశాను. ఈసారి 24 సెకన్లు పట్టింది, పైన మందంగా నురగ కూడా వచ్చింది. చూడ్డానికి కేఫ్‌లోదానిలాగే ఉంది. నేను పాలు పోసుకుని తాగేశాను, బాగానే ఉంది. శ్రీజ ఒక గుక్క తాగి పక్కన పెట్టింది.

శ్రీజ_నిజాంపేట · ఆదివారం సాయంత్రం 5:26

నురగ ఉంది, కింద కాఫీ లేదు. నోట్లో వేసుకోగానే చప్పగా, తర్వాత అట్టముక్క వాసన.

సత్యం_సైనిక్‌పురి · ఆదివారం రాత్రి 8:45

ఆ నురగ గింజది కాదు, ఆ ఒక్క రంధ్రంది. కాఫీ అందులోంచి దూరి చిమ్మేటప్పుడు గాలి కలిసి నురగ అవుతుంది. గ్రైండర్ లేనివాళ్ల కోసమే అలా చేశారు. పాలతో తాగేవారికి అదేమీ తప్పు కాదు. శ్రీజ గారికి మాత్రం ఒక గోడ బాస్కెట్, తాజా గింజ, సన్నగా సమంగా పట్టే గ్రైండర్ కావాలి. మిక్సీలో పట్టకండి. మిక్సీ బ్లేడు గింజని నరుకుతుంది, కొంత దుమ్ము, కొంత రవ్వ వస్తాయి. దుమ్ము చేదు ఇస్తుంది, రవ్వ పులుపు ఇస్తుంది, ఒకే కప్పులో రెండూ ఉంటాయి.

గింజని నరకకుండా రెండు పళ్ల చక్రాల మధ్య నలిపే బర్ గ్రైండర్, చేత్తో తిప్పే స్టీలుది, ఎవరి దగ్గరైనా అరువు దొరుకుతుందేమో చూడండి. పదిహేను వందలకి వచ్చే పింగాణీ బర్ రకం వద్దు, ఇరుసు ఊగుతుంది.

అనూష_కొండాపూర్ · ఆదివారం రాత్రి 9:30

నా దగ్గర ఉంది శ్రీజా, తొమ్మిది వేలకి కొన్నాను. రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్లు. అరకు గింజలు కూడా కొన్ని ఇస్తాను, రోస్ట్ చేసి పది రోజులైంది.

ఇమ్రాన్_టోలీచౌకీ · ఆదివారం రాత్రి 10:10

కార్తీక్ భాయ్ తరఫున ఒక మాట. గ్రైండర్ లోపలే ఉండే మెషిన్ నేను మూడేళ్లుగా వాడుతున్నాను. పొద్దున ఏడింటికి షిఫ్ట్. అర నిద్రలో చేత్తో గింజలు తిప్పమంటే నా వల్ల కాదు. సత్యం గారు చేతి గ్రైండర్ అంటున్నారు కానీ, రోజూ వాడని మెషిన్ ఎంత చవకైనా దండగే కదా.

సత్యం_సైనిక్‌పురి · ఆదివారం రాత్రి 10:40

ఇమ్రాన్ గారి మాట కాదనను. వాటిలోని గ్రైండర్లు తీసిపారేసేవి కావు. నా అభ్యంతరం ఒకటే. గ్రైండర్ మోటారు పోతే మెషిన్ మొత్తం సర్వీసుకి వెళ్తుంది, అన్నాళ్లూ ఇంట్లో కాఫీ ఉండదు. విడిగా ఉంటే ఒకటి పాడైనా రెండోది మిగులుతుంది, ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని ఉంచుకోవచ్చు. కానీ పొద్దున తిప్పాల్సింది వాళ్లు, నేను కాదు.

శ్రీజ_నిజాంపేట · మంగళవారం రాత్రి 9:15

నిన్న అనూష దగ్గర గ్రైండర్, గింజలు తెచ్చాను. ఈ సాయంత్రం ఇద్దరం కూర్చుని చేశాం. కార్తీక్ తిప్పాడు, నేను ఫోన్‌లో సెకన్లు చూశాను, కప్పు కింద తూకం పెట్టాం.

ప్రతిసారీ 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ రాగానే ఆపడం. మొదటిది 14 సెకన్లు, పులుపు. మూడు క్లిక్కులు సన్నం చేస్తే 21 సెకన్లు, పులుపు తగ్గింది కానీ పల్చగా ఉంది. ఇంకో రెండు క్లిక్కులకి 27 సెకన్లు. తేనెలా సన్నగా దిగింది. చక్కెర లేకుండానే తీపి తగిలింది. కార్తీక్ ఇంకో మూడు క్లిక్కులు తిప్పితే ఇంకా బాగుంటుందన్నాడు. ఈసారి పంపు మూలిగింది, చుక్కలు చుక్కలుగా 50 సెకన్లు పట్టింది, చేదు. మళ్లీ వెనక్కి తెచ్చాం.

ఇదంతా తను బొమ్మ అన్న మెషిన్‌లోనే. ఆ మాట నేను గుర్తుచేయలేదు. తనే "సరే, బొమ్మ కాదు" అన్నాడు.

కార్తీక్_ఎన్ · మంగళవారం రాత్రి 9:32

అన్నాను. కానీ గింజలు పట్టడానికి ఒక్కోసారి దాదాపు నిమిషం పట్టింది, నాలుగు షాట్లకి చెయ్యి నొప్పెట్టింది. రోజూ రెండే కాబట్టి పర్లేదేమో. నా పద్నాలుగు నెలల లెక్క మాత్రం ఎవరూ తప్పనలేదు కదా?

సత్యం_సైనిక్‌పురి · మంగళవారం రాత్రి 10:20

దాన్నీ వేద్దాం. మెషిన్ ఇంటికొచ్చాక మీరు శని ఆదివారాలతో ఆగరు, నేను చూసినవాళ్లెవరూ ఆగలేదు. రోజుకి మనిషికో షాట్ అనుకుంటే 36 గ్రాములు, నెలకు 1,080. కుదరక పారబోసేది కలిపితే 1,200 గ్రాములు. మంచి గింజలు పావుకిలో 550 వేసుకుందాం. నెలకు ఐదు ప్యాకెట్లు, 2,750. మీ ఒక్కరి పాలు రోజుకి 150 మిల్లీలీటర్లు, నెలకు నాలుగున్నర లీటర్లు, లీటరు 70 చొప్పున 315. మొత్తం 3,065.

బయట ఖర్చు 4,850 పూర్తిగా మానేస్తేనే నెలకు 1,785 మిగులుతుంది. ఆ లెక్కన 65 వేలు తిరిగి రావడానికి మూడేళ్లు పైన పడుతుంది. బయట కూడా తాగుతుంటే ఎప్పటికీ రావు. కాబట్టి పొదుపు అని చెప్పి కొనకండి. కొనేముందు పుస్తకంలో "గింజలు, నెలకు 2,750" అని ఒక వరస రాయండి. మీ ఇద్దరి మధ్య పంచాయితీ నిజానికి దాని మీద జరగాలి, మెషిన్ మీద కాదు.

శ్రీజ_నిజాంపేట · మంగళవారం రాత్రి 10:34

నా 25 వేలలో కూడా ఈ వరస లేదు. గింజల సంగతి అడిగిందాన్నే కానీ ఎంతో చూడలేదు. నెలకు 2,750 అంటే మా కరెంటు బిల్లు కంటే ఎక్కువ.

వేణు_కూకట్‌పల్లి · బుధవారం ఉదయం 8:00

ఎవరూ నీళ్ల గురించి మాట్లాడటం లేదు. మాది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్. నా మెషిన్ పద్నాలుగో నెలలో ఆగిపోయింది. మొదట కాఫీ సన్నగా రావడం, తర్వాత పంపు గట్టిగా మోగడం, చివరికి ఆవిరి రాకపోవడం. విప్పితే గీజర్ రాడ్ మీద కట్టినట్టే తెల్ల పెచ్చు. నిజాంపేటలో కూడా చాలాచోట్ల బోరు, ట్యాంకర్లే కదా. ఆర్‌ఓ నీళ్లే పోయండి.

అనూష_కొండాపూర్ · బుధవారం ఉదయం 8:25

ఆర్‌ఓ నీళ్లతో నాకు కాఫీ చప్పగా వస్తోంది. గింజ రుచిని లాగడానికి నీళ్లలో కొంచెం ఖనిజం ఉండాలి. నేను ఆర్‌ఓ నీళ్లలో నాలుగో వంతు నల్లా నీళ్లు కలుపుతాను. మాకు వచ్చేది మంజీరా నీళ్లు, బోరు కాదు.

సత్యం_సైనిక్‌పురి · బుధవారం ఉదయం 9:10

వేణు గారి లక్షణాలు అచ్చంగా పెచ్చువే. బోరు నీళ్లు నేరుగా పోయొద్దు, అంతవరకు ఖాయం. కలపడం గురించి మాత్రం నీటిని బట్టే చెప్పాలి, మీ ఆర్‌ఓ నుంచి వచ్చే నీళ్ల టీడీఎస్, అంటే అందులో ఎంత ఖనిజం కరిగి ఉందో చూడకుండా నేను ఒక మాట అనలేను. ఏ నీళ్లు పోసినా రెండు మూడు నెలలకోసారి లీటరు నీళ్లలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పంపి, తర్వాత రెండు ట్యాంకుల మంచినీళ్లతో కడగండి. ముందు మీ మాన్యువల్‌లో ఏం రాశారో చూడండి.

శ్రీజ_నిజాంపేట · గురువారం రాత్రి 10:05

పేజీ మళ్లీ రాశాం. ఈసారి పెన్ను ఒక్కటే, ఇద్దరం మార్చి మార్చి తీసుకున్నాం.

గ్రైండర్ 9,000 అని నేను రాశాను. మెషిన్ 22,500 అని తను రాశాడు. దశాంశం చూపే చిన్న తూకం, పొడిని అదిమే మంచి ట్యాంపర్, పాల జగ్గు కలిపి 3,500. మొత్తం 35,000. నా అంకెకి పదివేలు ఎక్కువ, తన అంకెకి ముప్పై వేలు తక్కువ.

కింద గింజల వరస దగ్గర ఆగాం. 2,750 వద్దన్నాను. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఎస్ప్రెస్సో, మిగతా రోజులు ఎప్పటిలా టీ అంటే నెలకు మూడు ప్యాకెట్లు, 1,650. కార్తీక్ నాలుగు రోజులా అని అడిగి, కాసేపు ఆ అంకెనే చూసి, "ఆదివారం రెండేసి తాగొచ్చా?" అన్నాడు. సరేనన్నాను. బయటి కాపుచినో నెలకు రెండుసార్లు ఉంచుకున్నాం. మేము మొదట కలిసింది అలాంటి ఒక కేఫ్‌లోనే, అది లెక్కలో కొట్టేయాలనిపించలేదు.

పొద్దున గ్రైండర్ ఎవరు తిప్పాలన్నది ఇంకా రాయలేదు.

కార్తీక్_ఎన్ · గురువారం రాత్రి 10:11

నా కాపుచినోకి రెండు గోడల బాస్కెట్, కొన్న పొడి చాలని తను అంటోంది. ఆ 27 సెకన్ల షాట్ మీద పాలు పోసుకుని తాగాక నేను మళ్లీ దానికి వెళ్లలేను. తేడా పాలల్లో తెలియదన్న మాట నా వరకు నిజం కాదు సత్యం గారూ.

సత్యం_సైనిక్‌పురి · గురువారం రాత్రి 10:30

తెలియదన్నది మెషిన్ వేడి గురించి. గింజ తాజాదనం పాలల్లోనూ తెలుస్తుంది, ఆ మాట మీరన్నదే నిజం. కాబట్టి మీ వాటా మీరే తిప్పుకోండి.

ఇమ్రాన్_టోలీచౌకీ · గురువారం రాత్రి 10:48

కొనేముందు ప్లగ్ పాయింట్ చూసుకున్నారా? ఈ మెషిన్లు 1,350 వాట్ల దగ్గర ఉంటాయి, దాదాపు 6 ఆంపియర్లు. మిక్సీ పెట్టే చిన్న సాకెట్‌లో పెడితే వేడెక్కుతుంది. నాది అలాగే నల్లబడింది. 16 ఆంపియర్లది కావాలి.

శ్రీజ_నిజాంపేట · గురువారం రాత్రి 10:55

ఇప్పుడే వెళ్లి చూశాం. మా వంటింట్లో 16 ఆంపియర్లది ఒక్కటే ఉంది, అది ఫ్రిడ్జ్‌ది. ఎలక్ట్రీషియన్ ఇంకో పాయింట్ లాగడానికి ఎంత తీసుకుంటారో ఎవరికైనా తెలుసా? కార్తీక్ పెన్ను పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.